ఫ్రాన్స్‌లో చికిత్స, పుదుచ్చేరిలో క్లెయిం: అనువాదంలో ఒక్క మాట ఖరీదు

పుదుచ్చేరి: ఫ్రాన్స్‌లో చదువుతున్న విద్యార్థిని అక్కడి ఆసుపత్రిలో అత్యవసర శస్త్రచికిత్స చేయించుకుంటే, ఆ ఖర్చు కోరుతూ భారతీయ బీమా సంస్థకు వెళ్లే ఈమెయిల్ ఆసుపత్రి మంచం దగ్గర తయారుకాదు. చాలా సందర్భాల్లో అది ఇంటి దగ్గర తయారవుతుంది. పాలసీ కొన్నది తండ్రి, ఏజెంటు ఫోన్ నంబరు ఉన్నది తల్లి దగ్గర, ఫ్రెంచి చదవగలిగినవారు వీధి చివర దొరికే ఊరు పుదుచ్చేరి. పట్టణంలోని ఒర్లియంపేట వంటి పేటల్లో ఫ్రెంచి కాగితం వింత వస్తువు కాదు. 1954 నవంబరు 1న పాలన భారత్ చేతికి వచ్చి, 1962 ఆగస్టు 16న చట్టబద్ధ విలీనం పూర్తయిన తరువాత కూడా జనన పత్రాలు, పింఛను ఉత్తరాలు, ఆస్తి దస్తావేజుల రూపంలో ఆ భాష ఇళ్లలోని పెట్టెల్లో మిగిలింది.

కానీ బీమా సంస్థ క్లెయిం విభాగంలో కూర్చున్న అధికారి పుదుచ్చేరిలో ఉండరు. వారు ముంబయిలోనో, పుణెలోనో, బెంగళూరులోనో ఉంటారు. వారి ముందున్న ఫ్రెంచి కాగితం వారికి బొమ్మతో సమానం. వారు చదివేది దానికి జతచేసిన ఆంగ్ల అనువాదాన్ని మాత్రమే. చికిత్స చేసిన వైద్యుడు రాసినదానికంటే అనువాదకుడు రాసినదే ఆ క్లెయిం భవితవ్యాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

2030 నాటికి ఏటా 30,000 మంది భారతీయ విద్యార్థులను ఆకర్షించాలని ఫ్రాన్స్ ప్రకటించిన లక్ష్యం నేపథ్యంలో ఇలాంటి ఈమెయిళ్ల సంఖ్య పెరిగేదే తప్ప తగ్గేది కాదు. అందువల్ల అలాంటి ఒక క్లెయింను మొదటినుంచి చివరిదాకా అనుసరించి చూడటం అవసరం. కింది ఉదాహరణ ఏ ఒక్క వ్యక్తిదీ కాదు. ఈ తరహా క్లెయింలలో ఎదురయ్యే దశలను ఒకచోట చూపడానికి కూర్చినది. అందులోని మొత్తాలు కూడా లెక్క అర్థమయ్యేందుకు వేసుకున్నవే.

ఒక రాత్రి, నాలుగు కాగితాలు

ఒర్లియంపేటలోని తెలుగు కుటుంబానికి చెందిన విద్యార్థిని సెప్టెంబరు 18న లియోన్ చేరింది. భారత్‌లో కొన్న విద్యార్థి ప్రయాణ బీమా సెప్టెంబరు 15 నుంచి అమల్లో ఉంది. సెప్టెంబరు 22న విశ్వవిద్యాలయంలో నమోదు పూర్తయింది. అక్టోబరు 9 రాత్రి కడుపు నొప్పితో ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లింది. అపెండిసైటిస్ అని తేలింది. మర్నాడు లాప్రోస్కోపీ ద్వారా శస్త్రచికిత్స చేశారు. అక్టోబరు 12న డిశ్చార్జ్ చేశారు.

ఇంటికి వెళ్లే రోజు ఆమె చేతికి వైద్యుని లేఖ ఒకటి అందుతుంది. ఆసుపత్రిలో జరిగిన చికిత్సను తరువాత చూడబోయే వైద్యునికి వివరించే లేఖ అది. మన డిశ్చార్జ్ సమ్మరీకి దగ్గరిది. 2017 నుంచి దీన్ని డిశ్చార్జ్ రోజునే ఇవ్వడం ఫ్రెంచి ఆసుపత్రుల బాధ్యత. రెండో కాగితం చేరిన తేదీని, వెళ్లిన తేదీని మాత్రమే ధ్రువీకరించే చిన్న పత్రం. అందులో రోగం పేరు ఉండదు. విద్యార్థులు తరచుగా దీన్నే డిశ్చార్జ్ సమ్మరీ అనుకుని పంపుతారు. బీమా సంస్థ ‘రోగ నిర్ధారణ లేదు’ అని తిప్పి పంపుతుంది. మూడోది మందుల చీటీ. నాలుగోది, తొలగించిన అపెండిక్స్‌ను సూక్ష్మదర్శిని కింద పరీక్షించిన నివేదిక. అది చేతికి రాదు, కొన్ని రోజుల తరువాత విడిగా వస్తుంది. మంట నిజంగా ఉందని కణజాల స్థాయిలో నిర్ధారించే కాగితం అదే కనుక దానికోసం ఆగి అయినా జతచేయడం మంచిది.

ఏదైనా కాగితం లేకపోతే ఆసుపత్రిని అడిగే హక్కు రోగికి ఉంది. 2002 మార్చి 4 నాటి ఫ్రెంచి చట్టం ప్రకారం రోగి తన వైద్య దస్త్రాన్ని కోరితే, సమాచారం అయిదేళ్లలోపుదైతే ఎనిమిది రోజుల్లో అందజేయాలి. అంతకంటే పాతదైతే రెండు నెలల గడువు ఉంటుంది. అడగవలసింది వార్డు నర్సును కాదు, ఆసుపత్రి పరిపాలన విభాగాన్ని. పాస్‌పోర్టు నకలుతో లిఖితపూర్వకంగా అడగాలి.

ఈ జాబితాలో బిల్లు లేకపోవడం పాఠకులకు ఆశ్చర్యం కలిగించవచ్చు. మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో బిల్లు కట్టనిదే గుమ్మం దాటలేరు. ఫ్రెంచి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ బిల్లు కొన్ని వారాల తరువాత తపాలాలో రావచ్చు. దాని పేరుకు ‘చెల్లించవలసిన మొత్తాల నోటీసు’ అని అర్థం. వసూలు చేసేది ప్రభుత్వ ఖజానా. అంటే ఆ కాగితం బాకీని చెబుతుందే తప్ప చెల్లింపును కాదు. దాన్ని ‘రసీదు’ అని అనువదించి పంపితే, ‘చెల్లించినట్టు రుజువు ఎక్కడ’ అన్న ప్రశ్న తప్పదు. ఆన్‌లైన్‌లో చెల్లించాక వచ్చే ధ్రువీకరణను, బ్యాంకు ఖాతా నివేదికలో ఆ మొత్తం కనిపించే పుటను పక్కపక్కనే పెట్టాలి.

అనువాదకుని బల్ల మీద

ఇక ఈ కాగితాలు పుదుచ్చేరికి చేరి, ఆంగ్లంలోకి మారవలసి ఉంది. ఫ్రాన్స్‌లో అప్పీలు న్యాయస్థానాల జాబితాలో ఉన్న ప్రమాణబద్ధ అనువాదకులు ఉంటారు. వారి ముద్రకు చట్టబద్ధమైన విలువ ఉంది. భారత్‌లో ఆ తరహా వ్యవస్థ లేదు. 1952 నాటి నోటరీల చట్టంలోని 8వ సెక్షన్ దస్తావేజులను అనువదించే, అనువాదాన్ని సరిచూసే పనిని నోటరీ విధుల్లో చేర్చింది. బీమా సంస్థలు సాధారణంగా అంగీకరించేది అనువాదకుని పేరు, అర్హత, సంతకం, తేదీ ఉన్న ధ్రువీకృత అనువాదాన్ని. పాలసీ పత్రం నోటరీ ముద్ర అడిగితే అది కూడా వేయించాలి. ఏది కావాలో ముందుగా ఈమెయిల్‌లో ఒక్క వాక్యంతో అడిగి తెలుసుకుంటే, రెండుసార్లు డబ్బు పెట్టవలసిన పని ఉండదు.

ముద్ర కంటే పెద్ద సమస్య లోపలి మాటలది. అన్నిటికంటే తేలికగా కనిపించి అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది తేదీ. విద్యార్థిని ఆసుపత్రిలో చేరిన రోజును ఫ్రెంచి కాగితం 09/10 అని రాస్తుంది. డిశ్చార్జ్ 12/10. భారత్‌లోనూ రోజు ముందు, నెల తరువాతే కనుక మనకు ఇందులో తికమక లేదు. అయితే ప్రయాణ బీమా క్లెయింలను చాలావరకు అంతర్జాతీయ సహాయ సంస్థలు పరిశీలిస్తాయి. వాటిలో కొన్ని అమెరికా పద్ధతిలో నెలను ముందు చదువుతాయి. అలా చదివితే ఆమె సెప్టెంబరు 10న, అంటే పాలసీ మొదలుకావడానికి అయిదు రోజుల ముందు ఆసుపత్రిలో చేరి, డిసెంబరు 10న బయటికి వచ్చినట్టు అవుతుంది. మొదటి తప్పు క్లెయింను పాలసీ వెలుపలికి నెడుతుంది. రెండో తప్పు అనుమానం పుట్టిస్తుంది. అనువాదంలో నెలను అక్షరాలలో రాస్తే రెండూ తప్పుతాయి.

తరువాతిది ‘ఆంతెసెదాన్’ అన్న శీర్షిక. రోగి పూర్వ ఆరోగ్య చరిత్రను అక్కడ రాస్తారు. ఏమీ లేకపోతే ఫ్రెంచి వైద్యులు తరచు ‘ఆర్.ఎ.ఎస్.’ అని మూడక్షరాలు వేస్తారు. ‘చెప్పుకోదగ్గది ఏమీ లేదు’ అన్న మాటకు అది పొడి రూపం. అర్థం తెలియని అనువాదకుడు దాన్ని అలాగే వదిలేస్తే, క్లెయిం అధికారికి అది ఏదో వ్యాధి సంక్షిప్త నామంలా కనిపిస్తుంది. పూర్వ వ్యాధి లేదని చెప్పే ఒకే ఒక్క ఆధారం ఆ విధంగా పూర్వ వ్యాధి ఉందేమో అన్న సందేహంగా మారిపోతుంది.

మన ఉదాహరణలో అక్కడ మరో మాట ఉందనుకుందాం: ‘నోసియోన్ దాస్మ్ దాన్ లాన్‌ఫాన్స్’. ‘నోసియోన్’ అన్నది ఫ్రెంచి వైద్య రాతలో ప్రత్యేకమైన వాడుక. వైద్యుడు తాను నిర్ధారించలేదని, రోగి చెప్పగా రాసుకున్నానని దాని భావం. అంటే ‘చిన్నతనంలో ఉబ్బసం ఉండేదని రోగి చెప్పారు’ అని అర్థం. దీన్ని తొందరలో ‘రోగికి ఉబ్బసం ఉంది’ అని అనువదిస్తే మూడు విషయాలు ఒకేసారి మారిపోతాయి. గతం వర్తమానమవుతుంది. రోగి మాట వైద్యుని నిర్ధారణ అవుతుంది. బాల్యం అన్న కాలపరిమితి అదృశ్యమవుతుంది. ప్రతిపాదన పత్రంలో ‘ఏ వ్యాధీ లేదు’ అని రాసి ఉంటే, సమాచారం దాచారన్న ఆరోపణకు అక్కడే పునాది పడుతుంది.

భారత్‌లోని ఆరోగ్య పాలసీల్లో ముందునుంచి ఉన్న వ్యాధికి నిరీక్షణ కాలం 36 నెలలు మించరాదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో నిర్దేశించింది. విదేశీ ప్రయాణ పాలసీలకు ఆ పరిమితి వర్తించదు. అక్కడ పాలసీ పత్రంలోని వాక్యమే శాసనం. చాలా పాలసీలు పూర్వ వ్యాధులను పూర్తిగా మినహాయించి, ప్రాణాపాయ స్థితిలో మాత్రం పరిమిత మొత్తం ఇస్తాయి. ఉబ్బసానికీ అపెండిసైటిస్‌కూ సంబంధం లేదు కదా అన్న వాదన సహేతుకమే. అయితే ఆ వాదన చేయవలసిన అవసరమే రాకుండా చూడటం సరైన అనువాదం చేయగల పని.

అలాగని ఆ వాక్యాన్ని అనువాదకుడు వదిలేయకూడదు. కుటుంబం అడిగినా వదిలేయకూడదు. సంస్థ అనుమానం వస్తే మూలాన్ని మరొకరి చేత చదివిస్తుంది. అప్పుడు పోయేది ఆ వాక్యం ఒక్కటే కాదు, మిగతా పది పుటల విశ్వసనీయత కూడా. మూలంలో అస్పష్టత ఉంటే దాన్ని అస్పష్టంగానే అనువదించి, కింద అనువాదకుని గమనికగా పొడి అక్షరాల విస్తరణ ఇవ్వడం సరైన పద్ధతి. వివరణ కావాలంటే అది వైద్యుని నుంచి రావాలి. శస్త్రచికిత్సకు కారణమైన స్థితి హఠాత్తుగా వచ్చిందని, పూర్వ వ్యాధితో సంబంధం లేదని రెండు వాక్యాల లేఖను ఆసుపత్రినుంచి కోరవచ్చు.

ఒకేలా కనిపించి వేరే అర్థమిచ్చే మాటలు మరో ప్రమాదం. ఫ్రెంచిలో ‘ఆంతోక్సికాసియోన్ అలిమాంతేర్’ అంటే కలుషిత ఆహారం వల్ల వచ్చిన అస్వస్థత. ఆంగ్లంలో అదే రూపంలో ఉన్న మాటకు మత్తు అన్న అర్థం ముందుగా స్ఫురిస్తుంది. దాదాపు ప్రతి ప్రయాణ పాలసీలోనూ మద్యం మత్తులో జరిగినవాటికి మినహాయింపు ఉంటుంది. ‘మలేజ్’ అన్న మాట ఆంగ్లంలో నలతను సూచిస్తే, ఫ్రెంచి అత్యవసర విభాగంలో సొమ్మసిల్లడాన్ని, స్పృహ తప్పేంత పనిని సూచిస్తుంది. నలతకు అత్యవసర విభాగానికి ఎందుకు వెళ్లారని అడగవచ్చు. స్పృహ తప్పిన మనిషిని అలా అడగలేరు.

అంకెల్లోనూ ఇదే చిక్కు. ఫ్రెంచి వైద్యులు రక్తపోటును పాదరసపు సెంటీమీటర్లలో రాసే అలవాటు ఇంకా వదులుకోలేదు. మనం 120/70 అనేదాన్ని వారు 12/7 అంటారు. రక్తంలో చక్కెరను లీటరుకు గ్రాములలో చెబుతారు. 0,98 అంటే మన లెక్కలో డెసిలీటరుకు 98 మిల్లీగ్రాములు, పూర్తిగా సాధారణ స్థాయి. అనువాదకుడు అంకెను మార్చకుండా మూలంలో ఉన్నట్టే రాసి, ప్రమాణాన్ని స్పష్టంగా పక్కన చేర్చాలి. బిల్లుల్లో కామా దశాంశ బిందువు పని చేస్తుంది. మందుల దుకాణం రసీదులో 18,40 అన్నది పద్దెనిమిది యూరోల నలభై సెంట్లు. కామా జారిపోతే అది 1,840 అవుతుంది. వంద రెట్లు పెంచి అడిగిన క్లెయింను తప్పుగా కాదు, మోసంగా చూసే అవకాశం ఎక్కువ.

పేరు సంగతి పుదుచ్చేరి తెలుగువారికి మరీ దగ్గరిది. ఇంటిపేరు ముందు రాసే తెలుగు అలవాటు, తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని తగిలించే తమిళ అలవాటు ఒకే ఇంట్లో కలిసి ఉంటాయి. ఫ్రెంచి ఆసుపత్రి కంప్యూటరు మాత్రం పుట్టింటి పేరు, వాడుక పేరు, సొంత పేరు అని గళ్లు గీసుకుని కూర్చుంటుంది. బిల్లులో ఒక పేరు, పాలసీలో మరో పేరు కనిపిస్తే అనువాదకుడు వాటిని సరిచేయరాదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాయాలి. రెండూ ఒకే వ్యక్తివని పాస్‌పోర్టు నకలు, పుట్టిన తేదీ ఆధారంగా ఈమెయిల్ చెప్పాలి.

ఎవరు ముందు చెల్లించాలి

ఈమెయిల్ రాయడానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. 2018 నాటి సంస్కరణ తరువాత ఫ్రాన్స్‌లో చదివే విదేశీ విద్యార్థులు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉచితంగా చేరవచ్చు. నమోదు etudiant-etranger.ameli.fr లో జరుగుతుంది. పాస్‌పోర్టు, వీసా, విశ్వవిద్యాలయ నమోదు పత్రం, జనన పత్రం, బ్యాంకు వివరాలు ఇవ్వాలి. ముందు తాత్కాలిక సంఖ్య వస్తుంది. శాశ్వత సంఖ్య రావడానికి నెలలు పట్టవచ్చు. జనన పత్రంలో లోపముంటే ఇంకా ఆలస్యమవుతుంది.

మన విద్యార్థినికి జబ్బు చేసిన అక్టోబరు 9 సరిగ్గా ఈ మధ్యకాలంలో పడింది. విశ్వవిద్యాలయంలో చేరింది, ఆరోగ్య బీమా సంఖ్య చేతికి రాలేదు. ఆసుపత్రి లెక్కలో ఆమెకు బీమా లేదు కనుక పూర్తి మొత్తానికి, 5,240 యూరోలకు నోటీసు వచ్చిందనుకుందాం. నోటీసు చూడగానే కుటుంబం భయపడి అప్పు చేసి కట్టేయడం, వెంటనే భారతీయ సంస్థకు పూర్తి మొత్తం కోరుతూ రాయడం సహజం. అయితే నమోదు పూర్తయ్యాక హక్కు విశ్వవిద్యాలయంలో చేరిన తేదీ నుంచి వర్తించే అవకాశం ఉంది. అప్పుడు ఆసుపత్రి పాత బిల్లును రద్దు చేసి, సింహభాగాన్ని ఫ్రెంచి ప్రభుత్వ బీమా నుంచి రాబట్టుకుని, విద్యార్థినికి రోగి వాటాను, దినసరి రుసుమును మాత్రమే మిగులుస్తుంది. ఫ్రెంచి పద్ధతిలో ఆసుపత్రి ఖర్చులో సాధారణంగా 80 శాతం ప్రభుత్వ బీమా భరిస్తుంది. కొన్ని పెద్ద శస్త్రచికిత్సలకు రోగి వాటా ఇంకా తగ్గుతుంది. దినసరి రుసుమును 2018లో 20 యూరోలుగా నిర్ణయించారు.

బీమా నష్టాన్ని పూడ్చేందుకే తప్ప లాభం కోసం కాదన్నది ఈ వ్యాపారపు మూలసూత్రం. ఒకే బిల్లును రెండు చోట్ల పూర్తిగా వసూలు చేసుకోవడం కుదరదు. అందువల్ల ఫ్రాన్స్‌లో దరఖాస్తు పెట్టిన సంగతిని భారతీయ సంస్థకు మొదటి ఈమెయిల్‌లోనే చెప్పాలి. దాన్ని దాచి డబ్బు పుచ్చుకుంటే, ఫ్రెంచి బిల్లు రద్దయిన రోజున ఆ డబ్బు తిరిగి ఇవ్వవలసిందే.

ఇక్కడ ఒక ఆచరణాత్మక చిక్కు ఎదురవుతుంది. ఫ్రాన్స్‌లో ఆసుపత్రి బయట చూపించుకున్న వైద్యుడు ఇచ్చే గోధుమరంగు చికిత్సా పత్రం అసలుది ఒక్కటే ఉంటుంది. సంఖ్య రాని విద్యార్థి దాన్నే ప్రభుత్వ బీమాకు తపాలాలో పంపాలి. భారతీయ సంస్థ కూడా అసలు పత్రాలే అడుగుతుంది. పంపేముందు రెండు వైపులా రంగుల్లో స్కాన్ చేసుకుని, అసలును ఫ్రాన్స్‌లో ఇవ్వాలి. అక్కడినుంచి ఎంత వచ్చింది, ఎంత మిగిలింది అని తెలిపే లెక్కను మిగతా మొత్తానికి భారతీయ సంస్థకు చూపాలి. ఈ క్రమం తలకిందులైతే రెండు చోట్లా ఫైలు ఆగిపోతుంది.

మిగిలే మొత్తం చిన్నదైతే క్లెయిం అవసరమా అన్నది కూడా లెక్క వేసుకోవాలి. విద్యార్థి ప్రయాణ పాలసీల్లో ప్రతి క్లెయింలోనూ పాలసీదారు ముందుగా భరించవలసిన మొత్తం ఉంటుంది. 100 డాలర్లు అన్నది తరచుగా కనిపించే అంకె. అంబులెన్సు, మందులు, రోగి వాటా అన్నీ కలిపి దానికి అటూఇటూగా ఉంటే చేతికి వచ్చేది అనువాద రుసుముకు కూడా చాలదు. పూర్తి బిల్లు నిలిచిపోతే మాత్రం ఈ పాలసీయే ఆధారం. ముందు సమాచారం ఇచ్చి ఉంచడంలోని ప్రయోజనం అదే.

ఈమెయిల్‌లో ఉండవలసింది

ఆంగ్లంలో వెళ్లే ఆ లేఖ తెలుగులో ఇంచుమించు ఇలా ఉంటుంది: ‘నా పాలసీ సంఖ్య, క్లెయిం సంఖ్య పైన ఇచ్చాను. 9 అక్టోబరు రాత్రి తీవ్రమైన కడుపు నొప్పితో లియోన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగంలో చేరాను. 10వ తేదీన అపెండిక్స్ తొలగించారు. 12వ తేదీన డిశ్చార్జ్ చేశారు. 10వ తేదీ ఉదయం నా తండ్రి మీ సహాయ కేంద్రానికి ఫోను చేసి క్లెయిం నమోదు చేశారు. ఆసుపత్రి నోటీసు మొత్తం 5,240.00 యూరోలు. దీన్ని ఇంకా చెల్లించలేదు. అంబులెన్సుకు, మందులకు నేను చెల్లించిన మొత్తాలు జతచేసిన పట్టికలో ఉన్నాయి. ఫ్రెంచి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో నా నమోదు పరిశీలనలో ఉంది. అక్కడి నిర్ణయం వచ్చిన వెంటనే తెలియజేస్తాను. అంతవరకు ఈ క్లెయింను తెరిచి ఉంచవలసిందిగా, ఆసుపత్రి గడువు ముందుగా ముగిస్తే నేరుగా చెల్లించే అవకాశాన్ని పరిశీలించవలసిందిగా కోరుతున్నాను.’

ఇందులో నొప్పి వర్ణన లేదు, వేడుకోలు లేదు. వైద్యపరమైన అభిప్రాయం కూడా లేదు. రోగి తన మాటల్లో రోగాన్ని వివరించబోతే డిశ్చార్జ్ లేఖకూ దానికీ మధ్య కొత్త తేడా ఒకటి పుట్టుకొస్తుంది. ‘చెల్లించలేదు’ అన్న మాట స్పష్టంగా ఉండటం ముఖ్యం. చెల్లించినవి, చెల్లించవలసినవి వేర్వేరు వరుసల్లో ఉండాలి. జతచేసిన పట్టికలో ప్రతి రసీదుకు ఒక సంఖ్య, తేదీ, ఎవరికి, ఎందుకు, ఎన్ని యూరోలు, అనువాదం ఏ పుటలో ఉంది అన్నవి ఉంటే చాలు. రూపాయల్లోకి మార్చవలసిన పని విద్యార్థిది కాదు. ఏ రోజు మారకపు రేటు వాడాలో పాలసీ చెబుతుంది. మూలం, అనువాదం ఒకే ఫైలులో పుట వెంట పుటగా ఉంటే పరిశీలించేవారు వెతుక్కోనవసరం లేదు.

ఫోను చేయడం ఆలస్యమైతే ఏమవుతుందన్న భయం చాలామందిది. పాలసీలు 24 గంటల్లో తెలపాలని రాస్తాయి. శస్త్రచికిత్స బల్ల మీద ఉన్నవారు ఫోను చేయలేరు. తప్పనిసరి కారణాలతో జరిగిన ఆలస్యం ఒక్కదాన్నే సాకుగా చూపి నిజమైన క్లెయింలను తిరస్కరించరాదని నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరు 20 నాటి సర్క్యులర్‌లో బీమా సంస్థలకు స్పష్టం చేసింది. ఆలస్యానికి కారణాన్ని ఈమెయిల్‌లో ఒక వాక్యంలో చెప్పి, అత్యవసర విభాగంలో చేరిన సమయం ఉన్న కాగితాన్ని చూపితే సరిపోతుంది.

తిరస్కరణ వస్తే

తిరస్కరణ లేఖలో పాలసీలోని ఏ నిబంధన కింద తిరస్కరించారో ఉండాలి. 2024 మే 29 నాటి ఆరోగ్య బీమా మాస్టర్ సర్క్యులర్ ప్రకారం సంస్థలోని సమీక్షా సంఘం ఆమోదం లేకుండా క్లెయింను తిరస్కరించకూడదు. అవసరమైన పత్రాలను ఆసుపత్రులనుంచి సంస్థలే సేకరించాలని కూడా ఆ సర్క్యులర్ అంటుంది. దేశంలోని ఆసుపత్రుల విషయంలో అది పనిచేయవచ్చు. లియోన్ ఆసుపత్రికి ముంబయి నుంచి ఉత్తరం రాసి వైద్య రహస్యాల చట్టాన్ని దాటి పత్రాలు తెప్పించుకోవడం సాధ్యమయ్యే పని కాదు. ఆచరణలో ఆ భారం విద్యార్థి మీదే పడుతోంది. నియంత్రణ సంస్థ ప్రయాణ బీమాకు వేరుగా ఆలోచించవలసిన చోటు ఇదే.

నిబంధన సంఖ్య తెలిశాక చూడవలసింది ఆ నిబంధన మూలపత్రంలోని మాటకు వర్తిస్తుందా, లేక అనువాదంలోని మాటకు వర్తిస్తుందా అన్నది. ‘ఉబ్బసం ఉంది’ అన్న వాక్యం ఆధారంగా తిరస్కరించి ఉంటే, సవరించిన అనువాదాన్ని, వైద్యుని వివరణను జతచేసి సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. పాత అనువాదాన్ని చడీచప్పుడు లేకుండా మార్చి పంపకూడదు. ఏ పుటలో ఏ మాటను ఎందుకు సవరించారో అనువాదకుడే సంతకంతో చెప్పాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, న్యాయవాది అక్కర్లేదు. 50 లక్షల రూపాయల వరకు ఇప్పించే అధికారం ఆ కార్యాలయానికి ఉంది.

ఏ అంబుడ్స్‌మన్ అన్న ప్రశ్నకు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒకే జవాబు లేదు. దీని నాలుగు ముక్కలు మూడు రాష్ట్రాల అంచుల్లో ఉన్నట్టే, బీమా ఫిర్యాదుల పరిధి కూడా ముక్కలైంది. పుదుచ్చేరి పట్టణం, కారైకాల్ చెన్నై కార్యాలయం కిందికి వస్తాయి. మాహే కొచ్చి కిందికి వెళ్తుంది. గోదావరి ఒడ్డున ఉన్న యానాం హైదరాబాద్ కార్యాలయం పరిధిలోది. ఒర్లియంపేట విద్యార్థిని ఫిర్యాదు చెన్నైకి, అదే విశ్వవిద్యాలయంలో చదివే యానాం విద్యార్థి ఫిర్యాదు హైదరాబాద్‌కు వెళ్లాలి. ఫిర్యాదుదారు నివాసంతో పాటు బీమా సంస్థ శాఖ ఉన్న చోటును కూడా నిబంధనలు లెక్కలోకి తీసుకుంటాయి కనుక కొందరికి ఎంచుకునే వీలు ఉంటుంది.

2021లో నిబంధనలను సవరించిన తరువాత ఫిర్యాదును ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు, విచారణకు వీడియో ద్వారా హాజరుకావచ్చు. చదువు మధ్యలో లియోన్ నుంచి చెన్నైకి రానవసరం లేదు. కావలసిన పత్రాలన్నీ అందిన మూడు నెలల్లో తీర్పు వెలువడాలి. తీర్పును సంస్థ 30 రోజుల్లో అమలు చేయాలి. ఆ తీర్పు బీమా సంస్థను బంధిస్తుంది. ఫిర్యాదుదారుకు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉంటుంది.